చుట్టుకొలత యాభై రెండా, యాభై అయిదా?

పుంగనూరులో ఒక హైస్కూల్లో ఆటల టీచర్ని నేను. ఆ పొద్దు కుప్పంలో అండర్-14 ఆడపిల్లల హ్యాండ్‌బాల్ సెలక్షన్ మ్యాచ్. మా కెప్టెన్‌కు ఈ వయసు గ్రూపులో అదే ఆఖరి అవకాశం. బాగా ఆడితే రాష్ట్ర క్యాంపుకు పోతుంది, లేకుంటే లేదు.

మొదటి సగమంతా ఆ పిల్ల బంతి పట్టినట్టే పట్టి జారవిడిచింది. నాకు ఒళ్లు మండిపోయింది. విరామంలో పిలిచి, "చేతులకు ఏమైందే నీకు?" అని గట్టిగానే అరిచాను.

"బాలు చేతిలో నిలవడం లేదు మేడం. మనం రోజూ ఆడేది ఇంత లావు లేదు" అనింది.

సాకు చెప్తాందనుకున్నా. బంతి మీద సైజు నంబరు చూద్దామంటే అరిగిపోయి ఉండాది. మదనపల్లెలో కొన్న మా బంతిని పక్కన పెట్టి చూశా. ఒకసారి రెండూ ఒకటే అనిపించింది, ఇంకోసారి కాదనిపించింది. ఎందుకొచ్చిన అనుమానమని రిఫరీని కొలవమన్నా. పద్నాలుగు లోపు ఆడపిల్లలకు ఒకటో నంబరు బంతి, చుట్టుకొలత యాభై నుంచి యాభై రెండు సెంటీమీటర్లు. అది దాటిన అమ్మాయిలకు రెండో నంబరు, యాభై నాలుగు నుంచి యాభై ఆరు.

రిఫరీ టైలర్ టేపు చుట్టి, "యాభై రెండు. సరిగానే ఉండాదమ్మా" అన్నాడు. నేను చుట్టితే యాభై నాలుగు. అదే బంతి, అదే టేపు. నాకు తల తిరిగింది. మళ్లీ ఆయన చుట్టేటప్పుడు కళ్లు పెట్టి చూశా. టేపు నడిమధ్యన లేదు, పక్కకు జారింది. పైగా బంతిలో గాలి తక్కువ. పంపుతో సరిపడా గాలి కొట్టించి, బాగా లావుండే చోట అడ్డంగా, నిలువుగా చుట్టాం. ఎట్ల చుట్టినా యాభై అయిదే. పొద్దున అండర్-17 వాళ్లు ఆడిన రెండో నంబరు బంతి అది, అన్నీ ఒకే వల సంచిలో వేయడంతో మా మ్యాచ్‌కు వచ్చేసింది.

బంతి మార్చారు. రెండో సగంలో మా పిల్లను ఆపేవాళ్లే లేరు.

సాయంత్రం చదివిన పేర్లలో ఆమె లేదు. సెలెక్టర్‌ను అడిగితే, "మొదట్లో అన్నిసార్లు వదిలేసింది కదమ్మా. బాలు రెండు జట్లకూ అదే. ఎదుటి పిల్లోళ్లు పట్టలేదా?" అన్నాడు. పట్టారు, నిజమే. వాళ్లు పొడుగు పిల్లలు. అది న్యాయమో అన్యాయమో ఈనాటికీ నాకు తేలలేదు.

తిరుగు బస్సులో మా కెప్టెన్ నా పక్కనే కూర్చుంది. ఏడవలేదు.

"వచ్చే ఏడు నేను ఏ బాలుతో ఆడల్ల మేడం?"

"రెండో నంబరు" అన్నాను.

"ఈ పొద్దు మీరు తీసేయించినారే, అదేనా?"

"ఆ, అదే."

కాసేపు అరచేతులు చూసుకుంది. "నాకు అది పట్టేది నేర్పించండి మేడం" అనింది.