ముప్పై ఏడో ప్రశ్నకు తెలుగు

కౌసల్య మదనపల్లెలో ముప్పై ఏళ్ళు నర్సింగ్ పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక, పల్లెల్లో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలను నర్సు శిక్షణకు ఎంపిక చేసే పరీక్షపత్రాన్ని తెలుగు చేయమని పిలుపు వస్తే పొంగిపోయింది. ఆ పొంగు రెండు రోజులు కూడా నిలవలేదు.

పని కుప్పంలో, ఒక అతిథిగృహంలో. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకున్నారు. ఈ పని చేసిన సంగతి ఎవరికీ చెప్పబోమని సంతకాలు పెట్టించుకున్నారు. నూరు ప్రశ్నల్లో ముప్పై ఏడోది ఆమె ప్రాణం తీసింది. గర్భిణి కాలిని వేలితో నొక్కితే గుంట పడి అలాగే నిలిచింది, దాన్నేమంటారు? ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది ఎడీమా. ఆస్పత్రుల్లో అందరూ అనేది ఆ మాటే. నలుగురూ ఒప్పుకున్న తెలుగు దానికి లేదు. 'నీటివాపు' అని రాస్తే జవాబు చేతికిచ్చినట్టే. అందుకే ఎడీమా అనే ఉంచింది.

"మూడు తెలుగులో పెట్టి ఇదొక్కటీ ఇంగ్లీషులో ఉంచితే, సదవనోడు కూడా దాన్నే గుర్తు పెడతాడమ్మా," అన్నాడు అనువాదకులకు పెద్దగా ఉన్న ప్రొఫెసర్ మురళీధర్. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

"అయితే నాలుగూ ఇంగ్లీషు మాటలే, తెలుగు అక్షరాల్లో పెడదాం సార్."

"అట్లయితే మనం ఈడికి యాల వచ్చినట్టు?"

ఆయన నిఘంటువు తెరిచి శోథ, శోఫ, అర్బుదం, రక్తగుల్మం అని వరసగా రాయించాడు. ఇన్‌ఫ్లమేషన్‌కు శోథ, ఎడీమాకు శోఫ. ఆ మాట ఆమె ఏ వార్డులోనూ వినలేదు. నోరు నొప్పి పుట్టేదాకా వాదించాల్సింది. ఇంకా అరవై మూడు ప్రశ్నలున్నాయి కదా అని సంతకం పెట్టేసింది, మహాతల్లి.

ఫలితాలొచ్చిన వారానికి పుంగనూరు నుంచి హరిత వచ్చింది. పన్నెండేళ్ళుగా పల్లెలు తిరుగుతున్న కార్యకర్త, కౌసల్య దగ్గరే పని నేర్చుకుంది. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం. ఒక్క మార్కులో పోయింది. ముప్పై ఏడో ప్రశ్నకు శోథ అని గుర్తు పెట్టింది.

"శోఫ అంటే ఏంది మేడమ్? ఎడీమా అనుంటే కండ్లు మూసుకొని పెట్టుందును. పోయిన నెల కూడా ఒకామె కాళ్ళు నొక్కి సూసి, బీపీ సూసి, పెద్దాస్పత్రికి పంపించినా. తల్లీబిడ్డా బాగుండారు."

కౌసల్యే కూర్చుని ఆమె చేత అభ్యంతరం రాయించింది. రెండు వారాలకు జవాబొచ్చింది. అనువాదం నిఘంటువు ప్రకారం సరైనదే, సందేహం వస్తే ఇంగ్లీషు మూలమే ప్రామాణికం. తెలుగు ఎంచుకున్న హరితకు ఆ ఇంగ్లీషు పత్రాన్ని పరీక్షలో ఎవరూ చూపనేలేదు.

ఆ కాగితం పట్టుకుని హరిత మళ్ళీ వచ్చింది. ఆ తెలుగు కింద సంతకం తనదేనన్న మాట కౌసల్యకు గొంతుదాకా వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. చెప్పినా ఆ సీటు రాదు.

"అది రాసినోళ్ళు ఒక్క కాలన్నా నొక్కి సూసినారో లేదో," అంది హరిత కళ్ళు తుడుచుకుంటూ. "మీరుండింటే ఇట్లా రాయనిచ్చేవాళ్ళు కాదు మేడమ్."