ఒక్క టింగుకు ఆగిన మూడో తరగతి

మొయినాబాద్‌లో మేం పనిచేసే బడిలో లిదియాను టీచర్ అని పిలిచినవాళ్లు ఒక్కరూ లేరు. పిల్లలకు లిదియక్క, వాళ్ల అమ్మలకు లిదియక్క, వ్యాన్ నడిపే యాదగిరికీ లిదియక్కే. ప్రిన్సిపాల్ రామచంద్రయ్య సారు మాత్రం "లిదియమ్మా, జర చాయ్ జెప్పు" అనేవాడు. నర్సరీలో సహాయకురాలిగా చేరి ఏళ్లు గడిచాయి. పిల్లల ముక్కులు తుడుస్తూ, బూట్ల లేసులు కడుతూనే దూరవిద్యలో డీఎడ్ పూర్తి చేసింది. అయినా ఆ పిలుపు మారలేదు. నాకు ఒళ్లు మండేది. ఆమెకు మండేది కాదు, అదీ నా మంట.

ఈ జూన్‌లో మూడో తరగతి టీచరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. లిదియా నేరుగా సారు గదిలోకి వెళ్లి ఆ తరగతి తనకు ఇమ్మని అడిగింది. సారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"సిటీ నుంచి ఒకామె వస్తనన్నదమ్మా. నువ్వు అడిగినవ్ గాబట్టి ఒక్క వారం ఇస్త. శనివారం నేనే వచ్చి వెనక బెంచీల కూసుంట. క్లాసు చేతిల ఉంటే నీదే. లేకుంటే నర్సరీకే పోవాలె. మళ్ల బాధ పడొద్దు."

మూడో తరగతి అంటే మాటలు కావు. నలభై దాకా పిల్లలు, అందరూ గాలిపటాలు. నా ఐదో తరగతికీ వాళ్లకూ మధ్య ఒకటే గోడ. అందుకే ఈ కథలో సగం నేను గోడకు చెవి పెట్టి విన్నదే.

బడి తెరిచే ముందు శనివారం నేను నా గది సర్దుకుంటుంటే లిదియా పిలిచింది. వెళ్లి చూస్తే బల్ల మీద సుద్దముక్కతో గది బొమ్మ గీసి, దాని మీద చింతగింజలు పరిచి కూర్చుంది. ఒక్కో గింజా ఒక్కో పిల్లవాడట.

"ఏందక్కా ఇది, అష్టా చెమ్మానా?" అన్నాను.

"నవ్వకు శిరీషా. చూడు, పిల్లలు లోపలికి వస్తరు. సంచులు ఈడ పెట్టాలె. నీళ్ల సీసాలు ఈడ. పుస్తకాల అల్మారా గూడ ఈడనే ఉన్నది." గింజలను వేలితో తోసింది. అన్నీ తలుపు దగ్గర కుప్ప పడ్డాయి. "గిట్లయితే పొద్దుగాలనే కొట్లాట."

ఇద్దరం కలిసి అల్మారాను వెనక గోడకు లాగాం. నా నడుము పట్టేసింది. నీళ్ల సీసాలను కిటికీ కిందికి మార్చాం, తలుపు దగ్గర సంచుల కొక్కేలు మాత్రమే మిగిలాయి. ఆపైన ఆమె గింజలను వరసలవారీగా నడిపించింది. ముందు కిటికీ వరస లేచి నేల మీది చాప దగ్గరికి వస్తుంది, వాళ్లు కూర్చున్నాకే రెండో వరస. పుస్తకాలు అందరూ లేచి తెచ్చుకోరు, వరసకొక లీడరు పంచుతాడు. చెక్కిన పెన్సిళ్లకు ఒక డబ్బా, మొన విరిగినవి వేయడానికి ఇంకో డబ్బా. విరిగినది ఇందులో వేసి, చెక్కినది అందులోంచి తీసుకోవాలి. పాఠం మధ్యలో ఎవడూ లేచి చెక్కుతూ కూర్చోడు. ఇవన్నీ చెప్పి వదిలేయడం కాదు, మొదటి వారమంతా చేసి చూపించి, చేయించి, తప్పితే మళ్లీ చేయించడమేనట.

"మరి పాఠం ఎప్పుడు చెప్తవ్?" అన్నాను.

"ఇదే మొదటి పాఠం."

"వాళ్లను ఆపాలంటే?"

"చప్పట్లు కొడ్త" అంది ధీమాగా. నేనూ తల ఊపాను. మా ఇద్దరిలో ఒక్కరికీ అప్పుడు బుర్ర వెలగలేదు.

సోమవారం పొద్దున లిదియా తలుపు దగ్గర నిలబడింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించి లోపలికి పంపింది. బోర్డు మీద అప్పటికే మూడు కూడికలు రాసి ఉన్నాయి. సంచి పెట్టడం, నోటుబుక్కు తీయడం, లెక్క మొదలుపెట్టడం. ఊరికే కూర్చునే సమయమే లేదు. గోడ అవతల ఎంత నిశ్శబ్దమంటే నాకు అసూయ పుట్టింది. లెక్కలయ్యాక పిల్లలు జతలుగా మాట్లాడుకున్నారు. ఇక వాళ్లను ఆపాలి. లిదియా చప్పట్లు కొట్టింది. మూడు, కాస్త ఆగి రెండు.

అంతే, ఐదారుగురు పిల్లలు బెంచీల మీద నుంచి ఎగిరి లేచారు. చేతులు పైకెత్తి, నడుములు ఊపుతూ గొంతెత్తి పాట అందుకున్నారు. చివర్లో "స్తోత్రం!" అని కప్పు ఎగిరేలా అరిచారు.

విషయం ఏమిటంటే లిదియా ప్రతి ఆదివారం ముడిమ్యాల చర్చిలో సండే స్కూలు నడుపుతుంది. అక్కడ పాటకు ముందు కొట్టే చప్పట్లు ఇవే. మా వ్యాన్ ముడిమ్యాల దాకా వెళ్తుంది కాబట్టి ఆ పిల్లల్లో కొందరు ఈ తరగతిలోనే ఉన్నారు. ఆ చప్పట్లు ఆమె చేతులకు ఎంత అలవాటంటే, వేరే చప్పట్లు ఉంటాయని కూడా ఆమెకు తట్టలేదు. మిగిలిన పిల్లలకు పాట రాదు. రాకపోతేనేం, ఎగరడం వచ్చు కదా. నా ఐదో తరగతి కూడా గోడ ఇవతల నుంచి చప్పట్లు కలిపింది. రామచంద్రయ్య సారు వరండాలో ఆగి, లోపలికి తొంగి చూసి, కళ్లజోడు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. నాకు భయం వేసింది.

మంగళవారం చప్పట్లు మార్చింది. రెండు, ఆగి రెండు. ముడిమ్యాల ఆశా చెయ్యెత్తి, "అక్కా, గిది రెండో పాట కదా?" అంది. చప్పట్లు వినపడితే చాలు, ఆ పిల్లల కాళ్లు నిలవడం లేదు. బుధవారం చప్పట్లు మానేసి అరిచింది. అరవడం నా విద్య, ఆమెది కాదు. మధ్యాహ్నానికి గొంతు పోయింది. సంచులు కొక్కేలకే ఉన్నాయి, లీడర్లు పుస్తకాలు సరిగ్గానే పంచుతున్నారు, అయినా ఒక పని ఆపించి ఇంకో పని మొదలుపెట్టించడం ఆమె వల్ల కావడం లేదు. సంకేతం కుదరకపోతే మిగిలిన ఏర్పాట్లన్నీ దండగ.

ఆ సాయంత్రం పిల్లల వ్యాన్ వెళ్లిపోయాక ఇద్దరం చేవెళ్ల బస్సెక్కాం. నేను చేవెళ్లలో దిగిపోతాను, ఆమె అక్కడి నుంచి ఆటోలో ముడిమ్యాల వెళ్తుంది. లిదియా కిటికీకి తల ఆనించి, పోయిన గొంతుతో అంది.

"నర్సరీనే మంచిగుండె. ఆడ ఎవ్వరు నాకు పరీక్ష పెట్టలే."

ఆమె నోట ఆ మాట వినడం నాకు నచ్చలేదు. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో కండక్టరు గంట తాడు లాగాడు. టింగ్. బస్సు ఆగింది. కూరగాయల గంపలతో ఇద్దరు దిగారు. టింగ్ టింగ్. బస్సు కదిలింది. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు. లిదియా తల పైకెత్తింది. తర్వాతి స్టాపు దాకా కండక్టరు చేతినే చూసింది. పాపం, ఆయన సర్దుకుని నిలబడ్డాడు.

"శిరీషా, ఒక్కటంటే ఆగుడు. రెండంటే పోవుడు. పిల్లలకు నేర్పే పనే లేదు!" అని నా చెయ్యి గిల్లింది. ఇప్పటికీ ఆ మచ్చ ఉంది.

గురువారం ఇంటి నుంచి స్టీలు గ్లాసు, చెంచా తెచ్చింది. నేర్పే పనే లేదంది కానీ నేర్పింది. ఒక్క టింగ్ అంటే చేతులు ఖాళీ, నోరు మూత, కళ్లు అక్క వైపు. ఏం చేయాలో అక్క చెప్తుంది. రెండు టింగులయ్యాకే ఆ పని మొదలు. గొడవ లేనప్పుడే ఆటలాగా పదిసార్లు చేయించింది. నడుస్తుంటే ఆపింది, రాస్తుంటే ఆపింది, నవ్వుతుంటే ఆపింది. బాగా ఆగిన వరసను ఆ వరస ఏం చేసిందో చెప్పి మరీ మెచ్చుకుంది.

ఒక్కచోట మాత్రం దెబ్బ తింది. అభిలాష్ అని ఒకడున్నాడు, వాడి నోటికి బ్రేకుల్లేవు. ఒక టింగ్ కొట్టినా వాడు ఆపలేదు. లిదియా విసుగుతో ఇంకోటి కొట్టింది. రెండయ్యాయి కదా, తరగతి మొత్తం బయలుదేరింది! ఆమె నా తరగతి గుమ్మం దాకా వచ్చి నా వైపు చూసి నవ్వింది.

"తప్పు నాదే. ఒక్కటి కొట్టి చెంచా దింపెయ్యాలె. ఎంతసేపైనా ఆగాలె."

శనివారం వచ్చింది. సారు వెనక బెంచీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. నేను నా పిల్లలకు పెద్ద భాగహారం ఇచ్చి వరండాలోకి వచ్చి వాళ్ల కిటికీ దగ్గర నిలబడ్డాను.

పిల్లలు గుమ్మం దగ్గర పలకరింపు అందుకుని వచ్చారు, సంచులు తగిలించారు, లెక్కలు మొదలుపెట్టారు. తర్వాత లీడర్లు రంగు కాగితాలు, గమ్ము సీసాలు పంచారు. త్రిభుజాలు అతికించే పని. అంతా సవ్యంగా సాగుతుండగా అభిలాష్ మోచేయి తగిలి గమ్ము సీసా బోల్తా కొట్టింది. ఆశా కెవ్వుమంది. మూడు వరసలు చూడటానికి లేచాయి.

టింగ్.

కాళ్లు ఆగాయి. నోళ్లు మూతపడ్డాయి. అభిలాష్ నోరు తప్ప. "నేను పడగొట్టలే, గామె జరిపింది, నేను ఊకెనే..." అంటూనే ఉన్నాడు. సారు ముందుకు వంగాడు. లిదియా చెంచా గాలిలో ఉంది. కొట్టకక్కా, కొట్టకు అని నేను లోలోపల మొక్కుకున్నాను. ఆమె చెంచా దింపింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. వాడినే చూస్తూ నిలబడింది. వాడు ఇంకో మాటన్నాడు. చుట్టూ చూశాడు. కదిలేవాళ్లు లేరు. వాడి గొంతు దానంతటదే సన్నబడి ఆగిపోయింది.

"థాంక్స్, అభిలాష్" అంది మెల్లగా. "లీడర్లు బట్ట తెస్తరు. మిగిలినోళ్లు కాయితాలు పైకి పట్టుకుంటరు." రెండు టింగులు. బట్ట వచ్చింది, కాగితాలు లేచాయి, గమ్ము తుడిచారు. గొడవ లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎందుకు దాచాలి?

సారు లేచాడు. తలుపు వైపు నడిచాడు. ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి కాగితాలు సర్దించే వేళయింది. లిదియా తన పని తాను చేసింది. టింగ్.

తరగతి ఆగింది. సారు కూడా ఆగాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. ఇంకో అడుగు వేయబోతే ఆశా కళ్లు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపింది. వద్దన్నట్టు.

లిదియా ముఖం ఎర్రబడింది. "సార్, మీరు..." అంటూ చెంచా ఎత్తబోయింది.

సారు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉండు. క్లాసుకు ఏం జెప్పాల్నో అది జెప్పు. నేను ఆగుత."

ఆమె పిల్లలకు చెప్పింది. కాగితాలు ఎక్కడ పెట్టాలో, ఏ వరస ముందో. ఒక్క మాట మరచిపోలేదు. సారు కదలకుండా విన్నాడు.

"సిటీ ఆమెకు రావద్దని ఫోన్ జేస్త" అన్నాడు చివరికి. "ఇగ నేను పోవచ్చా, టీచర్?"

లిదియా చెంచా తీసుకుని రెండుసార్లు కొట్టింది.