మెయిన్ ఆపేయండి

ఆ రోజు నా డైరీలో మొదటి వాక్యం: ఉదయం ఆరున్నర, మెట్ల దగ్గర గ్యాస్ వాసన.

హోసూరులోని మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని. వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

"కింద గ్యాస్ కంపు, సార్. తాళమేసిన ఇంట్లోంచే వస్తా ఉండాది. వాళ్ళు నిన్ననే క్రిష్ణగిరికి పోయినారు."

"బెల్లు నొక్కద్దప్పా. చేత్తో తలుపులు తట్టు. పైనుంచి మొదలుపెట్టు. కిందోళ్ళు వాసనకు వాళ్ళే వస్తారు."

గేటు బయటికి వెళ్ళి ముందు ఫైర్ సర్వీసుకు ఫోన్ చేశాను. తర్వాత సంఘం వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాను:

"అత్యవసరం. కింది అంతస్తులో గ్యాస్ వాసన వస్తోంది. వెంటనే మెయిన్ ఆపేయండి. నిప్పు వెలిగించవద్దు. లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులు వేయవద్దు, ఆపవద్దు. లిఫ్టు వాడకుండా గేటు బయటికి రండి. బయటికి వచ్చాకే ఫోన్ చేయండి: గ్యాస్ లీకేజీకి 1906, ఫైర్ సర్వీసుకు 101."

ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో గ్యాస్ లైన్ల దగ్గర పనిచేశాను. అక్కడ మెయిన్ అంటే గ్యాస్ వాల్వే. ఇళ్ళల్లో మెయిన్ అంటే కరెంటు బోర్డు. ఆ సంగతి నాకు తట్టలేదు.

తాళం వేసిన ఇంటికి ఎదురింట్లో ఒకామె ఉంటుంది. పక్షవాతంతో మంచం పట్టిన భర్తను ఒక్కతే చూసుకుంటుంది. ఆయనను ఒంటరిగా మోయలేదు. కనుక ముందు నేను చెప్పిన పని పూర్తిచేసి, తర్వాత ఎవరినైనా సాయం పిలుద్దామనుకుందట. రెండిళ్ళ మధ్య నడవాలో ఉన్న కరెంటు మెయిన్ దించింది. స్విచ్చులో లేచిన రవ్వకు గ్యాస్ అంటుకుంది.

భగ్గుమన్న చప్పుడు గేటు దాకా వినిపించింది.

వాచ్‌మన్, నేను వాళ్ళింటి వెనక తలుపు గుండా దూరి ఆయనను దుప్పటితో సహా మోసుకొచ్చాం. లోపలి గదిలో ఉన్నందువల్ల ఆయనకు ఏమీ కాలేదు. ఆమె తనంతట తానే వాకిట్లోకి వచ్చింది, చేతులు రెండూ ముందుకు చాచుకుని. ఫైర్ వాళ్ళు వచ్చి తాళం పగలగొట్టి, రెగ్యులేటర్ తీసేశారు. రబ్బరు గొట్టం చీలి ఉందని చూపించారు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె మోచేతుల దాకా కట్లు.

"నువ్వు రాసినట్టే చేసినానన్నా," అంది. అందులో నిష్ఠూరం లేదు. సరిగ్గా చేశానా లేదా అని అడిగినట్టుంది.

"నాదే తప్పమ్మా. గ్యాస్ వాల్వ్ అని రాయాల్సింది."

ఆమె కట్లు కట్టిన చేతుల వైపు చూసుకుంది. తర్వాత అంది: "ఇంట్లో ఆయప్పకు ఎవురు తినిపిస్తారన్నా? నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి తాకనీడు."

"నేను పోతానమ్మా."

"నువ్వా? చూడు, ఉమ్మేస్తాడు."

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. అన్నం మెత్తగా పిసికి, చెంచాతో పెదవుల దాకా తీసుకెళ్ళాను. ఆయన నన్ను చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అన్నం చల్లారిపోయేదాకా కూర్చున్నాను. ఆయన నోరు తెరవలేదు.