నొక్కితే పలకని ముద్ర

నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. అంతకుముందు ఒక కాగితం మీద గుండ్రటి సీలు చూసి, నమ్మి వేలిముద్ర వేశాను. ఆ సీలును తిరుపతిలో రబ్బరు స్టాంపుల అంగట్లో చేయించారని తర్వాత తెలిసింది. అప్పటినుంచి ముద్ర ఎంత ముచ్చటగా ఉంటే నాకు అంత అనుమానం.

పాకాలలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజులవి. మా తమ్ముడు నన్నొక దానికి లాక్కుపోయాడు. ఆ ఏడు వాడి బోర్లలో నీళ్లున్నది ఒక్కటే, దాని కింద రెండెకరాలు టమాటా పెట్టాలి. విత్తనం మొలవకపోతే వాడు కూలికి పోవాల్సిందే. ఆ విత్తనాల కోసం ఏదో వెబ్‌సైటును నమ్మి, మరునాడే డీడీ పంపుతానని కూర్చున్నాడు.

"సూడక్కా, ఎన్ని ముద్రలుండాయో. తాళం బొమ్మ, అవార్డు, అన్నీ ఉండాయి."

"మన పెళ్లి పత్రికల్లో కూడా దేవుడి బొమ్మలుంటాయి. దేవుడొచ్చి అచ్చేసినాడా?"

సెంటర్ నడిపే ఆమె నవ్వింది. తాళం బొమ్మ మీద ఇంగ్లీషులో ఏం రాసుందో ఆమెతో చదివించుకున్నాను. ఈ సైటు సురక్షితమని ఫలానా సంస్థ చెబుతోందట. ఆ సంస్థనే అడగొచ్చు కదా అన్నాను.

"అడగొచ్చు పెద్దమ్మా. అసలుదైతే నొక్కితే ఆ సంస్థ పేజీ తెరుచుకోవాల. దాంట్లో ఈ సైటు పేరుండాల."

నొక్కింది. ఏమీ కాలేదు. ఉత్త బొమ్మ.

"నెట్టు నిదానంగా ఉండాదేమో," అన్నాడు తమ్ముడు. "కింద ఫోన్ నంబరుంది, కనుక్కుందాం."

"దొంగను దొంగవా అని అడుగుతావా?"

ఆమె ఆ సంస్థ అడ్రసు విడిగా కొట్టి, దాని సొంత పేజీలో ఈ సైటు పేరు వెతికింది. లేదు. ఒకవేళ ఉన్నా, సైటులో మనం రాసేది దారిలో ఎవరూ దొంగిలించరని మాత్రమే దానర్థమట. విత్తనం మంచిదని కాదు.

మిగిలింది అవార్డు. ఇచ్చింది చిత్తూరులోని ఒక రైతు సంఘమని రాసుంది. సైటులోని నంబరు వదిలేసి, టెలిఫోన్ డైరెక్టరీలో సంఘం నంబరు వెతికి, పక్కనున్న టెలిఫోన్ బూత్ నుంచి నేనే ఫోను చేశాను.

"మేము కంపెనీలకు అవార్డు ఎప్పుడూ ఇయ్యలేదమ్మా. ఇచ్చేది రైతులకే," అన్నాడు అక్కడి గుమాస్తా. "ఈ మాట ఇంకొకరు కూడా అడిగినారు. ఆయన డబ్బు కట్టినాక అడిగినాడు."

రిసీవరు తమ్ముడి చెవికి పెట్టి, ఆ మాటే మళ్లీ చెప్పించాను. వాడు విని, ఫోను పెట్టేసి, జేబులోని డీడీ ఫారం మడత మీద మడత పెట్టాడు.

"నాటే అదను దాటిపోతాది కదక్కా," అన్నాడు.

దాటింది కూడా. దగ్గర్లో తెలిసిన నర్సరీలో నారు దొరికేసరికి పన్నెండు రోజులు ఆలస్యమైంది. తొలి కోత నాటికి ధర పడిపోయింది. ఆ తప్పు నాదేనని వాడు ఇప్పటికీ అంటాడు. అననీ. ఆ ఏడు వాడు కూలికి పోలేదు.