వల ఆగిన చోట

మాల్యాద్రికి తన పని మీద ఉన్న ధీమా చూస్తే కొందరికి ముచ్చట, కొందరికి ఒళ్లుమంట. వాకాడు దగ్గర సముద్రపు ఒడ్డున, చేపల వేట చేసుకునే ఇంట పుట్టినవాడు. మద్రాసు చేరి, పదేళ్లలో సినిమా ఎడిటరై కూర్చున్నాడు. "అతుకు నేను వేస్తే దేవుడు కూడా కనిపెట్టలేడు" అనేవాడు. గొప్పలు పోతాడని వెనక నవ్వుకున్నవాళ్లే, చిక్కొస్తే అతని గది తలుపు తట్టేవాళ్లు.

అరవై నాలుగులో నెల్లూరు మాగాణి రైతు పద్మనాభయ్య గారు ఒక సినిమా తీశారు, ఎడిటింగు మాల్యాద్రిదే. అందులో చివరి షాటు అలివి వలది. వల నీళ్లలో ఉంటుంది, తాడు ఒడ్డున ఉంటుంది, జనం వరుసగా నిలబడి దాన్ని లాగుతారు. ఆ వరుసకు ముందుండి కేక అందించేది మాల్యాద్రి మేనమామ మునెయ్య. షూటింగు రోజు మాల్యాద్రి కూడా వెళ్లి, అందరూ వినేలా మాటిచ్చాడు.

"మామా, సినిమాలో కడాకి కనబడేది మీరే. పూచీ నాది."

తీరా చూస్తే, ఆ షాటు నడుస్తుండగానే కెమెరాలో ఫిల్ము అయిపోయింది. సంగీత దర్శకుడేమో ముగింపును తీరిగ్గా సాగదీశాడు. డప్పు మీద ఒక దెబ్బ, ఆపైన వయొలిన్ల పొడుగాటి రాగం. బొమ్మ అయిపోయాక కూడా మూడు సెకన్ల సంగీతం మిగిలింది. వాద్యగాళ్లను మళ్లీ పిలవడం కుదరదు, కెమెరా బృందం ఇంకో సినిమాకు వెళ్లిపోయింది.

"ఆ వల తీసేసి, హీరోయిన్ నవ్వే షాటు పెట్టెయ్. అది బోలెడంత ఉండాది" అన్నారు పద్మనాభయ్య గారు.

మాల్యాద్రికి మామకిచ్చిన మాట గుర్తొచ్చింది. పైకి మాత్రం తొణకలేదు. "ఎందుకండయ్యా, ఉన్న బొమ్మనే నిలబెడతా" అన్నాడు.

నిలబెట్టడమంటే, ఆప్టికల్ ప్రింటరులో ఒకే ఫ్రేమును కదలకుండా ఉంచి, దాన్నే మళ్లీ మళ్లీ ఫొటో తీసి కొత్త నెగటివు చేయడం. షాటు చిట్టచివర కెమెరా నెమ్మదించినచోట బొమ్మలు తెల్లబారి ఉన్నాయి. వాటిని వదిలేసి, వాటికి ముందున్న ఫ్రేమును గుర్తుపెట్టి ల్యాబుకు పంపాడు.

ప్రివ్యూ హాల్లో ఆ ముక్క వేశారు. బొమ్మ ఆగిందో లేదో, ఆపరేటర్ హజరత్తయ్య "ఫిల్ము ఇరుక్కుంది, కాలిపోతాది!" అని అరిచి ప్రొజెక్టరు దీపానికి మూత అడ్డం వేశాడు. చూడ్డానికి అలాగే ఉంది మరి, మునెయ్య నోరు తెరిచి ఉన్నాడు, ఒకడి కాలు గాల్లో ఉంది, వెనక అల విరగబోతూ వేలాడుతోంది. పద్మనాభయ్య గారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"చాల్లే అబ్బాయా. రేపు నవ్వే షాటు పెట్టు."

మాల్యాద్రికి ఉక్రోషం ముంచుకొచ్చింది. గదికొచ్చి మూవియోలా అనే ఎడిటింగు యంత్రంలో ఆ షాటును ముందుకూ వెనక్కూ తిప్పాడు. తిప్పుతుంటే తన భుజాలే బిగుసుకోవడం తెలిసింది. చిన్నప్పుడు ఆ తాడు లాగినవాడే కదా! ఒక లాగుకూ ఇంకో లాగుకూ మధ్య, మామ కేక వేసేదాకా, తాడు బిగపట్టుకుని ఎవరూ కదలరు. కదిలితే వల వెనక్కు పోతుంది. తానేమో మనుషులు ఎన్నడూ ఆగని చోట ఆపాడు. "ఎంత బుద్ధి తక్కువ పని చేసినాను" అని పైకే అనుకున్నాడు.

ఆ ఆగేచోటు షాటులో ఇంకా ముందుంది. అక్కడే కత్తెర వేశాడు.

"గుడ్డ చాలక ఏడుస్తుంటే ఇంకా కత్తిరిస్తావా?" అని పద్మనాభయ్య గారు మండిపడ్డారు.

"ఒక్కసారి చూడండయ్యా. బాగాలేకుంటే నవ్వే పెడదాం."

ఈసారి అల పరుచుకుని, అందరి కాళ్లూ ఇసుకలో దిగబడి ఉన్న ఫ్రేమును ఏరాడు. ఫ్రేము మీద నలుసు ఉంటే బొమ్మ ఆగినంతసేపూ కనబడుతుందని, భూతద్దం పెట్టి వెతికి మరీ ఏరాడు. డప్పు దెబ్బ మీద బొమ్మ ఆగాలి, రాగం సాగినంతసేపూ నిలవాలి, చివర మెల్లగా చీకట్లో కలవాలి.

మళ్లీ వేశారు. హజరత్తయ్య చెయ్యి కదలలేదు. బొమ్మ ఆగిన సంగతి కూడా పద్మనాభయ్య గారికి వెంటనే తెలియలేదు. తెలిశాక, "అట్నే ఉండనీ" అన్నారు.

సినిమా వాకాడు టూరింగ్ టాకీసుకు వచ్చినప్పుడు మాల్యాద్రి ఊరికి వెళ్లి, మామ పక్కనే నేల మీద కూర్చున్నాడు. చివరికి వల వచ్చింది. డప్పు మోగింది, మనుషులు ఆగారు. డేరాలో ఈల లేదు, కేక లేదు. తాడు పట్టిన చేతుల్నీ చెమట పట్టిన మొహాల్నీ జనం అలాగే చూస్తుండిపోయారు. బొమ్మ చీకటైపోయాక కూడా మునెయ్య లేవలేదు.

"ఒడ్డుకొచ్చినోళ్లంతా వలలో చేపల్నే చూస్తార్రా అబ్బయ్యా" అన్నాడు. "ఇంతసేపు మమ్మల్నెప్పుడూ ఎవురూ చూళ్లేదు."

మాల్యాద్రి ఇంకాస్త దగ్గరకు జరిగాడు. మామ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాడు.