నేను లేనప్పుడు నా పేరుతో

కాన్పు సెలవు మీద వెళ్లే ముందు ఆఫీసును ఎవరి చేతిలో పెట్టాలన్నది నాకు పెద్ద ప్రశ్న కాలేదు. ఉన్నది ఒక్కడే. అరకులో గిరిజన కాఫీ రైతుల సంఘం ఆఫీసుకి నేను మేనేజర్ని, అతను నా కింది మేనేజరు. ముంచింగిపుట్టు వైపు కొండ ఊరివాడు, విశాఖలో చదువుకుని వెనక్కి వచ్చాడు. పని తెలుసు. మాట తక్కువ. ఆ మాట తక్కువతనమే నాకు ఎప్పుడూ సరిపడేది కాదు. ఈ మనిషి లోపల ఏమనుకుంటున్నాడో అన్న అనుమానం నన్ను వదిలేది కాదు.

ఆ అనుమానంతోనే నా సెలవు ఏర్పాట్లు రాసుకున్నాను. ఆర్డర్లు, నమూనాలు, లారీల మెయిళ్లు సంఘం ఉమ్మడి చిరునామాకి వస్తాయి కాబట్టి అవి అతను చూసుకుంటాడు. బిల్లులు, ఆడిట్ ఉత్తరాలు మా అకౌంటెంటు అక్క చూస్తుంది. నా సొంత మెయిల్‌కి వచ్చేవాటికి మాత్రం ఆటో రిప్లై పెట్టాను. ఆఫీసు వాళ్లకి ఒకటి, బయటివాళ్లకి ఇంకొకటి. బయటివాళ్లకి రాసినదాంట్లో నేను కాన్పు సెలవులో ఉన్నానని, ఫలానా నెలలో తిరిగి వస్తానని, సరుకు లారీల గురించి ఫలానా ఆయనతో మాట్లాడండని అతని పేరు, మెయిలు, ఫోను నంబరు అన్నీ ఇచ్చాను. కొనేవాళ్లకి ఇబ్బంది ఉండకూడదని నా ఉద్దేశం.

పాస్‌వర్డ్ ఇవ్వలేదు. నా మెయిల్‌ పెట్టె చదివే అనుమతి అతనికి ఇచ్చాను గానీ, నా పేరుతో పంపే అనుమతి ఇవ్వలేదు. ఆ తేడా అతను గమనించాడు.

"సదవడానికేనా మేడం?" అన్నాడు.

"చదివితే చాలు కదా. జవాబు ఉమ్మడి చిరునామా నుంచి ఇవ్వండి."

అతను తెర వంక చూస్తూ, "అయితే నాదొక మాట. సెలవులో ఉన్నప్పుడు మీరు మెయిల్లో ఏ పనీ సెప్పకండి. వాట్సాప్‌లో కూడా వొద్దు. ఏటైనా ఉంటే ఫోన్ సేసి మీ గొంతుతో సెప్పండి. అలా సెప్పందే నేను సెయ్యను. ఇది కూడా కాగితంలో రాసీండి" అన్నాడు.

నాకు చురుక్కుమంది. నా ఆఫీసులోంచి నన్నే బయటికి నెడుతున్నాడా? అయినా కాదనడానికి కారణం దొరకలేదు. రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

విజయనగరంలో మా ఇంట్లో పాప పుట్టింది. మొదటి వారాలు ఆఫీసు గుర్తే లేదు. తర్వాత అకౌంటెంటు అక్క ఫోన్లు మొదలయ్యాయి.

"మీ కుర్సీలోనే కూసుంతన్నాడు మేడం. తలుపేసుకుని మాటాడతాడు. నన్నడిగితే ఏటీ సెప్పడు."

"పని నడుస్తోందా?"

"నడుత్తంది. అదే గదా నా అనుమానం!"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. పాపని భుజాన వేసుకుని ల్యాప్‌టాప్ తెరిచి నా పెట్టె చూసుకునేదాన్ని. నా కంటే ముందే చదివేసిన మెయిళ్లు. అతను చదవడానికే కదా నేను అనుమతి ఇచ్చింది, అయినా నా బీరువా ఎవరో తెరిచి మూసినట్టు ఉండేది. పాత కొనుగోలుదారులు నాకు రాయడం మానేశారు. ఆటో రిప్లై ఒక్కో మనిషికి ఒక్కసారే వెళ్తుందని, అది చూసినవాళ్లు ఇక నేరుగా అతనికే రాస్తారని నాకు తెలుసు. తెలిసీ, నన్ను మరిపిస్తున్నాడనే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పాప నిద్రపోతోందని ఫోను మోగకుండా పెట్టి నేనూ కన్ను మూశాను. లేచి చూస్తే అతనివి వరుసగా మిస్‌డ్ కాల్స్. వాటి మధ్య అక్క పంపిన వాయిస్ మెసేజ్.

"మేడం, లోడెక్కిన లారీ యార్డులో ఆపీసాడు. డ్రైవరు గోల సేత్తన్నాడు, ఘాట్ దిగేతలికి సీకటడిపోద్దని. ఎందుకాపావంటే సెప్పడం నేదు. ఏటో జరుగుతోంది."

ఆ కాపు కాఫీ అంతా అందులోనే ఉంది. వెంటనే అతనికి ఫోన్ చేశాను.

"లారీ ఎందుకు ఆపారు?"

జవాబు ఇవ్వకుండా అతనే అడిగాడు. "మేడం, లోడును వేరే గోదాముకి పంపమని నాకు మెయిల్ పెట్టారా?"

"నేనా? లేదు."

"మీ పేరుతోనే వొచ్చింది. విజయనగరం రోడ్డులో కొత్త గోదాముకి దింపించమని. ఫోన్ సెయ్యొద్దు, పాప పడుకుంది, మెయిల్లోనే జవాబియ్యి అని ఉంది."

పాప పడుకుంది. ఆ మాట వినగానే పక్కనున్న పాప వంక చూశాను. వెంటనే ఒక ఆలోచన. పాప సంగతి తెలిసినవాడు ఎవడు? ఇతనే. ఈ మెయిల్ ఇతనే పుట్టించి, ఇతనే పట్టుకుని, సంఘం పెద్దల దగ్గర మంచి మార్కులు కొట్టేయడానికా?

"దాన్ని నాకు పంపండి. మెయిల్ వచ్చిన అడ్రస్ చదవండి" అన్నాను, గొంతు కటువుగానే.

అక్షరం అక్షరం చదివాడు. పైన కనిపించేది నా పేరే. లోపలి చిరునామా నాది కాదు, ఎవరైనా ఉచితంగా తెరుచుకునేది. "ఇంకోటి మేడం. నిన్న మీ పెట్టెలో ఒక కొత్త మెయిల్ సూశాను. కాఫీ కొంటామని రెండు లైన్లు, ఊరూ పేరూ నేదు. మీరే సూడండి."

చూశాను. ఆ రెండు లైన్ల మెయిల్ ఉంది. దానికి నా ఆటో రిప్లై తనంతట తానే వెళ్లి ఉంటుంది. నేను ఆఫీసులో లేను, కాన్పుకి వెళ్లాను, లారీలు ఇతని చేతిలో ఉన్నాయి, ఇదిగో ఇతని మెయిలు, ఫోను అని ఎవడో ముక్కూ మొహం తెలియనివాడికి నేనే చెప్పేశాను. కాన్పు అన్న ఒక్క మాట చాలు, పాప సంగతి ఊహించడానికి లోపలి మనిషి అక్కర్లేదు.

"అక్కకి ఎందుకు చెప్పలేదు?"

"లోపలోళ్ల పనేమో అనుకున్నాను మేడం. ఎవరికీ సెప్పలేదు."

లారీని అసలు చోటికే పంపమన్నాను. అతను ఘాట్ కింద వరకూ వెనకే బండి మీద వెళ్లి, మర్నాడు సరుకు దిగాక గోదాము నుంచి ఫోన్ చేశాడు. లారీ బయల్దేరిన రాత్రే నేను బయటివాళ్ల ఆటో రిప్లై మార్చేశాను. ప్రస్తుతం అందుబాటులో లేను, ఉమ్మడి చిరునామాకి రాయండి, అంతే. కారణం లేదు, నెల లేదు, ఎవరి నంబరూ లేదు. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం. ఆ మెయిల్ పెట్టింది ఎవరో ఇప్పటికీ తెలియదు. ఆ కొత్త గోదాము చిరునామాలో ఖాళీ షెడ్డు ఉందట, అంతవరకే తేలింది.

సెలవయ్యాక వెళ్లేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అతను తన బల్ల దగ్గరే ఉన్నాడు. టీ తాగుతూ అడిగాను, ఫోన్ చేసి గొంతుతో చెప్పాలన్న షరతు ఎందుకు పెట్టారని. ఇలాంటి దొంగతనం ముందే ఊహించారా అని.

అతను ఇబ్బందిగా కదిలాడు. "నేదు మేడం. నిజం సెప్పమంటారా?"

"చెప్పండి."

"మీ మీదే అనుమానం. ఇంటికాడ కూసుని మెయిల్లో ఏదో సెప్తారు, రేపు తేడా వొస్తే నేనలా రాయలేదు అంటారేమోనని. మీ పేరుతో పంపే వీలియ్యలేదు గదా, అప్పుడే అనుకున్నాను, ఈవిడ నన్ను నమ్మట్లేదని."

నమ్మలేదన్నది నిజమే. ఆ మాటే చెప్పాను.

అతను మొదటిసారి నా ముందు పకపకా నవ్వాడు. తర్వాత వాళ్ల ఊళ్లో పండగకి పది రోజులు సెలవు కావాలన్నాడు. తన మెయిల్‌కి ఆటో రిప్లై ఏం పెట్టాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రాశాడు. గొంతుతో చెబితేనే పని అన్న షరతు ఈసారి నేను అడిగాను.