304కూ 404కూ నడుమ ఉంటున్న వారికి

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. వాస్తు మీద కూడా లేదు. కానీ ఫ్లాటు మాత్రం తూర్పు ముఖం చూసే కొన్నాను. దాన్ని నమ్మకం అనకూడదు, అత్తమ్మ అంటే ఉన్న భయం అనాలి. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను. అన్నం తింటూ మాత్రం చదవకండి.

మాది గుండ్లపోచంపల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. మేముండేది మూడో అంతస్తు, 304. అప్పుడు మా ఆవిడ స్వరూపకు ఐదో నెల. కడుపులో బిడ్డ మాయ కిందికి ఉందని, కారు ప్రయాణాలు పెట్టుకోవద్దని మేడ్చల్ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని స్వరూప గౌడవెల్లిలోని పుట్టింటికి వెళ్లే బదులు పుట్టిల్లే మా ఇంటికి వచ్చింది, అంటే మా అత్తమ్మ వచ్చింది.

శబ్దం ఆ రోజుల్లోనే మొదలైంది.

డైనింగ్ టేబుల్‌కు సరిగ్గా పైన, స్లాబులోంచి వచ్చేది. ముందు గొంతు అడుగు నుంచి కళ్లెను తీరిగ్గా కూడగట్టుకుంటున్న చప్పుడు. తర్వాత ఒక చిన్న విరామం, అది నోట్లోకి వచ్చినట్టు. ఆ తర్వాత ఉమ్మడం. ఉమ్మింది తడి నేల మీద పడిన చప్పుడు కూడా వినిపించేది. ఒక్కోసారి ఉమ్మేవాడు కాదు, మింగేవాడు. అది ఇంకా ఘోరం.

ఇదంతా మేం పళ్లేల ముందు కూర్చున్నప్పుడే. స్వరూప ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేది, ఆ వెంటనే బాత్‌రూమ్‌కు పరుగెత్తేది. రెండు చెకప్‌లలోనూ బరువు పెరగలేదు, తగ్గింది. "తల్లి తినకపోతే లోపల బిడ్డ ఏం తింటుంది?" అని డాక్టరమ్మ నా వైపు చూసి అడిగింది, తిండి నేనే దాచిపెట్టినట్టు.

పై ఫ్లాటు 404లో కాకినాడ వైపు నుంచి వచ్చిన మూర్తి గారు, వాళ్లావిడ ఉంటారు. ఆయన రిటైరైన బ్యాంకు ఉద్యోగి. లిఫ్టులో నమస్కారాలు తప్ప పరిచయం లేదు. పైకెళ్లి తలుపు కొట్టి "మీరు ఉమ్ముతున్నారు" అని ఎలా అంటాం? మెసేజ్ పెడదామనుకున్నాను.

పొరుగువాళ్లకు అలాంటి మెసేజ్ రాయడం పెళ్లి సంబంధం వద్దని చెప్పడం లాంటిది. మర్యాద తగ్గకూడదు, అర్థం కాకుండా పోకూడదు. నా మొదటి చిత్తుప్రతిని అత్తమ్మకు చదివి వినిపించాను.

"గిదేంది బిడ్డా, గిట్ల తిడితివి? తిడితె ఇంకింత ఉమ్ముతడు గాయన. జెర మర్యాదగ రాయి."

"మర్యాదగా రాస్తే లెక్క చేస్తాడా అత్తమ్మా?"

"మర్యాదగనే రాయి. ఆఖర్ల మాత్రం జెర గట్టిగ అను."

పేషీలో పనిచేసినవాళ్లు కూడా ఇంతకన్నా మంచి సలహా ఇవ్వలేరు. "మీరు చేస్తున్నారు" అని ఉన్నచోటల్లా "మాకు వినబడుతోంది" అని మార్చాను. నేరం మోపకూడదు, బాధ చెప్పాలి. పూర్తిగా మానేయమనకుండా ఫలానా వేళల్లో ఆపమన్నాను, ఎందుకంటే మనిషి అన్నాక దగ్గు వస్తుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టకుండా ఆయన నంబరుకే పంపాలనుకున్నాను. నలుగురిలో పరువు తీస్తే శబ్దం తగ్గదు, శత్రుత్వం పెరుగుతుంది. కోపం మీద రాత్రిపూట పంపకుండా ఆదివారం టిఫిన్లయ్యేదాకా ఆగాను.

"మూర్తి గారికి నమస్కారం. నేను మీ కింద 304లో ఉంటాను. మధ్యాహ్నం, రాత్రి భోజనాల వేళ మీ ఫ్లాటు వైపు నుంచి గొంతు సవరించుకోవడం, ఉమ్మడం గట్టిగా వినబడుతున్నాయి. మా ఆవిడ గర్భవతి. ఆ శబ్దానికి అన్నం తినలేకపోతోంది. దయచేసి ఒంటిగంట నుంచి రెండు వరకు, ఎనిమిది నుంచి తొమ్మిది వరకు కాస్త చూసుకోగలరు. పైపుల సమస్య అయితే చెప్పండి, కలిసి బాగు చేయిద్దాం. ఇలాగే కొనసాగితే అసోసియేషన్ దృష్టికి తీసుకెళ్లక తప్పదు. అంతవరకు రాకూడదనే నా కోరిక."

బ్యాంకు మనిషి కదా, ఇంగ్లీషులో ఉంటే బరువు ఉంటుందని కింద అది కూడా చేర్చాను.

"Namaste Murthy garu. I stay in 304, just below you. We are hearing loud throat-clearing and spitting from your side at lunch and dinner time. My wife is expecting and is unable to eat. Kindly keep it down from 1 to 2 and 8 to 9. If it is a plumbing issue, let us get it fixed together. If it continues, I will have to inform the association, which I would rather not do."

తెలుగులో "దయచేసి" అనగానే రైల్వే స్టేషన్ ప్రకటనలా ఉంది. ఇంగ్లీషులో throat-clearing అనేసరికి ఎవరో పెద్దమనిషి ఉపన్యాసం మొదలుపెట్టబోతున్నట్టుంది. మాకు వినబడే దానికి ఆ రెండు భాషల్లోనూ మర్యాదైన మాట లేదు.

జవాబు వెంటనే వచ్చింది. "అయ్యో, ఇదే మాట మేం మీకు రాద్దామని వారం నుంచి మొహమాటపడుతున్నామండీ. శబ్దం మీ ఇంట్లోంచే కదండీ వస్తోంది? మీకేమన్నా ఆయాసం గానీ ఉందాండీ?"

ఆ మధ్యాహ్నం అందరం మూర్తి గారింట్లో కూర్చున్నాం. మా ఇంటికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. వాళ్లావిడ పెసరట్లు పెట్టింది. స్వరూప మొదటి ముక్క తుంచగానే మా కాళ్ల కింద, నేలలో, ఎవరో గొంతులో కళ్లె కూడగట్టుకున్నారు. మూర్తి గారు నా వైపు చూశారు, నేను ఆయన వైపు. మా ఇద్దరి నోళ్లలోనూ పెసరట్టే ఉంది.

వెంటనే వాళ్ల ఇంటికి తాళం పెట్టి అందరం మా ఇంటికి దిగాం. స్వరూప అరటిపండు వలిచింది. చప్పుడు పైనుంచి వచ్చింది. నేను టేబుల్ మీద కుర్చీ వేసుకుని ఎక్కి స్లాబుకు చెవి ఆనించాను. అవతల, చెవికి ఆనుకుని ఉన్నట్టు, నోట్లో చేరినదాన్ని ఎవరో నిదానంగా మింగారు. దిగి సబ్బుతో చెవి కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

శామీర్‌పేట నుంచి ప్లంబర్ని పిలిపించాం. పైన ట్యాంకు వాల్వు కట్టేశాడు, పైపులు ఖాళీ చేశాడు. శబ్దం మామూలుగానే వచ్చింది. "సార్, నీళ్లయితే గుడగుడ అంటయి. గిది కాండ్రిస్తాంది," అన్నాడు. అసలు స్లాబు లోపల ఆ చోట పైపే లేదట, కరెంటు గొట్టం ఒక్కటే ఉందట. చెప్పి టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఇక మిగిలింది అత్తమ్మ ఉపాయం. మన ఆఫీసుల్లో మెట్ల మూలల్లో ఎవరూ ఉమ్మకుండా దేవుళ్ల బొమ్మల టైల్స్ అతికిస్తారు కదా. "గట్లనే మీదికి నాలుగు పటాలు అంటియ్యి బిడ్డా, ఎవడైనా ఆగుతడు," అంది.

దేవుళ్లను ఎంగిలికి కాపలా పెట్టడం నాకు బాగోలేదు. "మూర్తి గారికి రాసినట్టే వాళ్లకూ రాద్దాం," అన్నాను. మా ఇంట్లో నవ్వు విని చాలా రోజులైంది, అందుకని అన్నాను. ఎవరూ నవ్వలేదు.

"రాయండి," అన్నారు మూర్తి గారు. "రెండు భాషల్లోనూ రాయండి. ఎవరో, ఏ ఊరి వారో మనకి తెలీదు కదండీ."

రాశాను. పేరు తెలియదు కాబట్టి "304కూ 404కూ నడుమ ఉంటున్న వారికి" అని మొదలుపెట్టాను. ఈసారి గంటలు రాయలేదు. అప్పటికి స్వరూప ఏ రెండు ముద్దలు లోపలికి పోతాయో అని వేళాపాళా లేకుండా ప్రయత్నిస్తోంది. అందుకని "మా ఆవిడ తినేటప్పుడు మాత్రం దయచేసి ఆపగలరు" అన్నాను. మిగతా సమయాల్లో అభ్యంతరం లేదన్నాను. అసోసియేషన్ బెదిరింపు తీసేశాను, వాళ్లు మెయింటెనెన్స్ కట్టే బాపతు కాదు. దాని బదులు "ఇంతకు మించి అడగం, ఇంతకు తగ్గి ఊరుకోం" అని పెట్టాను. కింద ఇంగ్లీషు. ఒక ప్రతి మా సీలింగుకు అంటించాం. ఇంకోటి మూర్తి గారు వాళ్ల నేల మీద అక్షరాలు కిందికి పెట్టి టేపు వేశారు.

మరుసటి మధ్యాహ్నం చప్పుడు లేదు. స్వరూప పప్పన్నం తింది, మళ్లీ పెట్టించుకుంది. కక్కుకోలేదు. అత్తమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. నేను గోడ వైపు తిరిగి మంచినీళ్లు తాగాను.

సాయంత్రం మళ్లీ మొదలైంది. అప్పుడు స్వరూప తినడం లేదు. మేం కోరింది కూడా అంతే కదా.

అసలు సంగతి ఒక జామపండు దగ్గర తెలిసింది. పైన కళ్లె సగం దాకా కూడింది. స్వరూప పండు కొరికింది. చప్పుడు అక్కడే తెగిపోయింది. పండు బల్ల మీద పెట్టింది. చప్పుడు ఆగినచోట నుంచే మళ్లీ అందుకుంది. కొరికితే ఆగింది. పెడితే వచ్చింది. అంటే దానికి ఆమె నోరు కనబడుతోంది. నాకు అప్పటిదాకా కలిగింది భయం కాదు, రోత. అప్పుడు కూడా రోతే, కాకపోతే ఒళ్లంతా పాకింది.

నేను ఒక్కడినే తినేటప్పుడు ఆగదు. నా గురించి ఆ కాగితంలో రాయలేదు. సొంత ఫ్లాటు, వాయిదాలు, ఇంకెక్కడికి పోతాం? ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తింటాను.

స్వరూప మాత్రం దాన్ని వాడుకుంది. "నోట్ల ఏదన్న ఏస్కుంటె ఊకుంటుండు గదా, ఏస్కుంటనే ఉంట," అని పొద్దస్తమానం పల్లీలు, ఖర్జూరాలు నములుతూ కూర్చునేది. బరువు పెరిగింది. డాక్టరమ్మ నా వైపు చూసి మొదటిసారి నవ్వింది. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది, ఆరోగ్యంగా ఉంది.

పాపను ఇంటికి తెచ్చిన రోజు స్వరూప హాల్లో కూర్చుని పాలు పడుతోంది. తను ఏమీ తినడం లేదు. పైన మామూలుగా సాగుతోంది. పాప పాలు అందుకోగానే నిలిచిపోయింది. పాప వదిలేదాకా స్లాబులో ఊపిరి చప్పుడు కూడా లేదు. స్వరూప తలెత్తి సీలింగు మీది కాగితం వైపు, తర్వాత నా వైపు చూసింది.

ఆ కాగితం ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చదివాను. అందులో పాప ఊసే లేదు. అడగనిది ఎందుకు చేస్తున్నారో, పాపను ఎంత దగ్గర నుంచి చూస్తున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. వద్దని రాయడానికి కాగితం తీసుకుంటాను. దేన్ని వద్దనాలో రెండు భాషల్లోనూ తోచదు.